రెండు బాత్రూములు, రెండు రకాల వాసన: ట్రాపులో నీరు ఎటు పోతోంది?

సుజాత_అనంతపురం
మాది అనంతపురం రామ్‌నగర్‌లో మూడంతస్తుల ఇల్లు. కింద అద్దెకున్నవాళ్లు, మధ్యలో మేము, పైన ఆ మధ్య కట్టిన వాటాలో మరో కుటుంబం. మా వాటాలో రెండు బాత్రూములున్నాయి, రెండింటికీ వాసన పట్టుకుంది.

వెనక గదిది అబ్బాయి బెంగళూరు నుంచి వస్తేనే వాడతాం. వేసవిలో మేమే అక్కడికి వెళ్లి ఉంటాం కాబట్టి అది మూసే ఉంటుంది. తిరిగొచ్చి తలుపు తీస్తే డ్రైనేజీ కంపు ముఖాన కొడుతుంది. ముందు వైపుది రోజూ వాడేదే, అసలు తలనొప్పి దానితోనే. తెల్లవారి లేచేసరికి కంపు ఉంటుంది, మా స్నానాలు కాగానే పోతుంది. మధ్యాహ్నానికి మళ్లీ వస్తుంది. అప్పుడప్పుడు జాలీ కింద గుడగుడమని చప్పుడు కూడా.

వచ్చిన ప్లంబర్లు ఇద్దరూ ఒకే మాట అన్నారు: "పి-ట్రాప్ ఉంది కదమ్మా, వాసన రానే రాదు." వస్తోంది కదా! ట్రాప్ ఉన్నా వాసన ఎలా వస్తుందో ఎవరైనా చెప్పగలరా?

కడప_బండలు
మేడం, ఇది పైపులో మురికి పేరుకున్న వాసనే. రాత్రి పడుకునే ముందు ఒక సీసా ఆసిడ్ పోసి, పొద్దున రెండు బకెట్ల నీళ్లు కొట్టండి. మా ఇంట్లో నీళ్లు నిలిచిపోతే ఇలాగే చేశాం, జరజరా పోతున్నాయి.

సుజాత_అనంతపురం
మాకు నీళ్లు ఎక్కడా నిలవడం లేదండి. బకెట్ పోస్తే క్షణంలో పోతాయి. వాసన ఒక్కటే సమస్య.

పైపుల_మస్తాన్_కర్నూలు
అక్కా, ఆసిడ్ జోలికి పోవద్దు. మీ నేల కడప బండ అయితే ఇంకా అసలే వద్దు. అది సున్నపురాయి. ఆసిడ్ పడితే నురగ కక్కుతుంది, నునుపు పోయి తెల్లటి మచ్చలు మిగులుతాయి. పేరులో కడప పెట్టుకున్న అన్నకు ఆ సంగతి తెలిసే ఉండాలి.

ట్రాప్ ఉందా లేదా అన్నది కాదు, ట్రాపులో నీళ్లున్నాయా లేదా అన్నది అడగాలి. వంపులో నిలిచిన ఆ కాసిన్ని నీళ్లే మీ గదికీ డ్రైనేజీకీ మధ్య తలుపు. నీళ్లు పోతే అది వట్టి వంకర పైపు. మీ రెండు బాత్రూముల్లోనూ తలుపు తెరుచుకుంటోంది, అయితే తెరుస్తున్నవాళ్లు వేరువేరని నా అనుమానం. వెనకదాంట్లో నీళ్లు ఆరిపోతున్నాయి. ముందుదాంట్లో ఎవరో లాగేస్తున్నారు.

మూడు సంగతులు చెప్పండి. ముందు బాత్రూములో చప్పుడు వచ్చే వేళకు పైవాళ్లు ఫ్లష్ నొక్కుతున్నారా? పొద్దున కమోడ్‌లో నీళ్ల మట్టం మామూలు కంటే కిందికి ఉంటోందా? రెండు బాత్రూములూ ఒకే నిలువు పైపులోకి పోతాయా, వేరువేరా?

సుజాత_అనంతపురం
నిలువు పైపులు వేరు. వెనకది పెరటి గోడ మీదుగా దిగుతుంది, ముందుది సందు వైపు. పై వాటా బాత్రూము సందు వైపు పైపులోనే కలుస్తుంది. ఈ రోజు కనిపెట్టి చూశాను. పైన ఫ్లష్ శబ్దం, వెంటనే మా దగ్గర గుడగుడ. కమోడ్‌లో నీరు వణికింది, మట్టం కూడా కాస్త దిగినట్టే ఉంది. పైవాళ్లు రాకముందు ఈ గోల లేదు. ఇప్పుడు ఆలోచిస్తే గుర్తొస్తోంది.

పైపుల_మస్తాన్_కర్నూలు
అయితే నా అనుమానం బలపడింది. పైపు మిద్దె మీద ఎక్కడ ముగిసిందో ఒకసారి చూడండి. చూసేలోపు ఏమీ కొనవద్దు.

నూనెచుక్క
అక్కా, దీనికి ఇంత పరిశోధన ఎందుకు? ఊరికి పోయేముందు రెండు జాలీల్లోనూ చెంచాడు కొబ్బరి నూనె పోయండి. నీళ్ల మీద తెట్టు కడుతుంది, ఆవిరి కాదు. మా అమ్మ ఎప్పుడూ అదే చేస్తుంది.

సివిల్_రఘు
నూనె ఉపాయం ఆరిపోయే ట్రాపుకు పనికొస్తుంది. లాగేసే ట్రాపుకు పనికిరాదు, నీటితోపాటు నూనె కూడా పోతుంది. ఆరిపోయేదానికైనా కొబ్బరి నూనె సరైనది కాదు. 24 డిగ్రీల దరిదాపుల్లో అది గడ్డకడుతుంది, శీతాకాలం రాత్రుల్లో అనంతపురంలో అంతకంటే చల్లగానే ఉంటుంది. పైగా వంటనూనెలు ముక్కిపోతాయి. మందుల షాపులో దొరికే లిక్విడ్ పారఫిన్ ముక్కిపోదు, గడ్డకట్టదు.

సుజాత గారూ, ఊహించడం కంటే కొలవడం మేలు. జాలీ తీసి, నీళ్లు పోసి, అవతలికి పొర్లేదాకా నింపండి. పుల్లతో అడుగు వరకు లోతు చూసి "ఇన్ని నీళ్లున్నాయి" అనుకోవద్దు. చాలామంది అక్కడే పొరబడతారు. ట్రాపు లోపల పైనుంచి దిగిన ఒక గోడ ఉంటుంది, నాలుకలాగా. నీరు దాని కింద నుంచి దూరి అవతలికి ఎక్కి, గట్టు దాటి పోతుంది. ఆ నాలుక కింది అంచు నుంచి నీటి పైమట్టం వరకు ఉన్న ఎత్తే వాటర్ సీల్. అంచు కంటే కింద ఎంత నీరున్నా గాలిని ఆపడంలో దానికి పాత్ర లేదు, అది దారిలో ఉన్న నీరు మాత్రమే.

కొలవడానికి గట్టి ఇనుప తీగ కొసను కొక్కెంలా వంచండి. పైపు అవతలికి వెళ్లే వైపు గోడను రాసుకుంటూ దించి, కొక్కెం నాలుక అంచు కింద తగులుకునేలా పైకి లాగండి. నీటి మట్టం దగ్గర తీగ మీద గుర్తు పెట్టి బయటికి తీసి, కొక్కెం నుంచి గుర్తుకు స్కేలుతో కొలవండి. సన్న ట్రాపుల్లో చెయ్యి పట్టదు, ఫ్లోర్ ట్రాపులో పడుతుంది.

సుజాత_అనంతపురం
టీచరుగా రిటైరైనదాన్ని, స్కేలు అనగానే హుషారొచ్చింది. కొక్కెం తగులుకోవడానికి కాసేపు తంటాలు పడ్డాను కాని పని జరిగింది.

వెనక బాత్రూము: అడుగు వరకు లోతు 110 మి.మీ. ఉంది. సీల్ మాత్రం 35 మి.మీ. మాత్రమే. మీరు హెచ్చరించకపోతే 110 అనే రాసుకునేదాన్ని.
ముందు బాత్రూము: సీల్ 50 మి.మీ.

సివిల్_రఘు
చక్కగా కొలిచారు. 50 అన్నది మన దగ్గర ఫ్లోర్ ట్రాపుకు మామూలుగా అడిగే కనీస లోతు. అమెరికాలో 2 నుంచి 4 అంగుళాల మధ్య ఉండాలంటారు. బ్రిటన్‌లో సింకు, బేసిన్ లాంటి సన్నపైపు ట్రాపులకు 75 మి.మీ. అడుగుతారు. మరీ లోతు పెంచినా చిక్కే. అడుగున నీటి వేగం తగ్గి బురద, వెంట్రుకలు పేరుకుంటాయి. మీ వెనక ట్రాపు మాత్రం మొదటి నుంచీ కురచదే.

ఇప్పుడు రెండు పరీక్షలు. వెనకదాన్ని నింపి, జాలీ అంచు నుంచి నీటికి ఎంత దూరముందో రాసుకుని, వారం వదిలేసి మళ్లీ కొలవండి. తర్వాత మళ్లీ నింపి, జాలీ మీద ప్లాస్టిక్ షీటు పరిచి చుట్టూ టేపు వేసి ఇంకో వారం చూడండి. షీటు వేస్తే నీరు తగ్గడం ఆగిపోతే అది ఆరిపోవడమే. షీటు వేసినా తగ్గితే ట్రాపు చీలిందో, ఇంకేదో లాగుతోందో అనుకోవాలి. ముందుదాన్ని నింపి, పైవాళ్లను ఒకసారి ఫ్లష్ చేయమని అడిగి కొలవండి. మళ్లీ నింపి, ఫ్లష్‌తో పాటు బకెట్ నీళ్లు కూడా ఒకేసారి పోయించి కొలవండి.

ప్రొద్దుటూరు_వాణి
సుజాతక్కా, మధ్యలో దూరుతున్నాను. మాది ఒకే అంతస్తు, పైన ఎవరూ లేరు. అయినా బాత్రూము ట్రాపు రాత్రికి రాత్రి ఖాళీ అయ్యేది. సాయంత్రం నింపితే పొద్దునకు వాసన. ఆరిపోవడం ఒక్క రాత్రిలో జరగదు కదా! ట్రాపు పగిలిందన్నారు, టైల్స్ పగలగొట్టాలన్నారు. మా మరిది టార్చి వేసి చూస్తే లోపల గట్టు మీదుగా ఒక పోగు వేలాడుతోంది. నేల తుడిచే గుడ్డ నూలు, దానికి చుట్టుకున్న నా జుట్టు. ఒక కొస ట్రాపు నీళ్లలో, రెండో కొస అవతలి పైపులో. దీపం వత్తి నూనె పీల్చినట్టు అది రాత్రంతా నీళ్లు తోడి అవతల పారబోస్తోంది. కొక్కెంతో లాగేశాం. అంతే, టైల్స్ మిగిలాయి.

పైపుల_మస్తాన్_కర్నూలు
వాణమ్మా, ఇది చాలామంది నమ్మరు. సెలూన్లలో, హాస్టళ్లలో నేను తరచూ చూసేది ఇదే. నింపాక ఎవరూ వాడకుండా పొద్దునకే మట్టం పడిపోతే ముందు పోగు కోసం వెతకాలి, ఆ తర్వాతే పగులు సంగతి. పగులైతే కింది వాటా సీలింగు మీద చెమ్మ కనిపిస్తుంది.

కడప_బండలు
మస్తానన్నా, ఆసిడ్ మాట వెనక్కి తీసుకుంటున్నాను, సరేనా. కాని ఒకటి అడుగుతా. మార్కెట్లో బొద్దింకలు రాని జాలీ అని, లోపల గిన్నె బోర్లించినట్టుండేది అమ్ముతున్నారు. అది వేస్తే అన్నింటికీ సరిపోదా?

పైపుల_మస్తాన్_కర్నూలు
ఆ గిన్నె చుట్టూ నిలిచే నీళ్లు ఎంతో ఒకసారి స్కేలు పెట్టి చూడు అన్నా. చాలా వాటిలో వేలి మందం ఉండదు. ఎండకు నాలుగు రోజుల్లో పోతుంది, చిన్న కుదుపుకే తెరుచుకుంటుంది. పనిమనిషి శుభ్రం చేయడానికి గిన్నె తీసి పక్కన పెడితే అది మళ్లీ జాలీలోకి చేరదు, కిటికీలో సబ్బుపెట్టె అవుతుంది. కింద మంచి ట్రాపు ఉంటే ఇది అదనం. ఇదే ట్రాపు అనుకుంటే మోసం.

సుజాత_అనంతపురం
లెక్కలు వచ్చాయి.

వెనకది: షీటు లేకుండా వారానికి 7 మి.మీ. తగ్గింది. షీటు వేశాక వారానికి 1 మి.మీ. కూడా లేదు.

ముందుది: పైన ఒక్క ఫ్లష్ చేస్తే 18 మి.మీ. తగ్గింది. చిత్రమేమిటంటే, నింపకుండా వెంటనే రెండోసారి ఫ్లష్ చేయిస్తే మట్టం కదలలేదు. పరీక్ష చెడిందేమో అనుకున్నాను. మళ్లీ నింపి ఫ్లష్, బకెట్ కలిపి పోయించాను. ఈసారి గుడగుడ గట్టిగా వినిపించింది, బుడగలు వచ్చాయి, 41 మి.మీ. పోయింది. మిగిలింది 9. కాసేపటికి సన్నగా వాసన మొదలైంది. రెండో ఫ్లష్‌కు ఎందుకు కదలలేదో నాకు అంతుపట్టలేదు.

సివిల్_రఘు
పరీక్ష చెడలేదు, మీరు సైఫన్‌ను కళ్లారా చూశారు. రెండు వైపులా వెడల్పు ఒకటే అనుకుని చెబుతాను. ఫ్లోర్ ట్రాపులో గది వైపు నోరు కాస్త వెడల్పు కాబట్టి అంకెలు అటూ ఇటూ అవుతాయి.

పైన వదిలిన నీరు పైపు నిండా జారుతూ వెనక ఖాళీని వదులుతుంది. ఆ ఖాళీ మీ ట్రాపును అవతలి వైపు నుంచి లాగుతుంది. ఆ లాగుడు బలం 36 మి.మీ. నీటి ఎత్తంత ఉందనుకోండి. గది వైపు మట్టం 36 దిగుతుంది. అవతలి వైపు నీరు ముందే గట్టు దాకా ఉంది, ఎక్కడానికి చోటు లేదు కాబట్టి ఆ నీరంతా పొర్లిపోతుంది. లాగుడు ఆగాక మిగిలిన నీరు రెండు వైపులా సమానంగా సర్దుకుంటుంది. అప్పుడు మట్టం మొదటి కంటే 18 తక్కువగా నిలుస్తుంది. మీరు కొలిచినది అదే.

ఇప్పుడు అదే బలంతో మళ్లీ లాగితే? గది వైపు 18 దిగుతుంది, అవతల 18 ఎక్కి సరిగ్గా గట్టు దగ్గర ఆగుతుంది. చుక్క పోదు. అందుకే రెండో ఫ్లష్‌కు మట్టం కదలలేదు. ఒకే బలం పదిసార్లు వచ్చినా మొదటిసారి పోయినదే నష్టం.

సీల్ మొత్తం ఎత్తును మించి లాగితే కథ మారుతుంది. గది వైపు మట్టం నాలుక అంచు దాకా దిగి, మీ గదిలోని గాలి దాని కింద నుంచి బుడగలుగా పైపులోకి దూరుతుంది. ఆ బుడగలు నీటిని చిమ్ముకుంటూ పోతాయి. ఇరవై లీటర్ల క్యాను తలకిందులు చేసినప్పుడు వచ్చే చప్పుడే ఇది. ఎక్కడో గాలి కావాలి, దొరికిన దారిన దూరుతోంది. మామూలుగా 50 సీల్‌లో సగం, అంటే 25, మిగలాలి. మీకు 9 మిగలడానికి ఆ చిమ్ముడే కారణం.

బ్రిటన్ లెక్కల్లో పైపులో ఒత్తిడి తేడా 375 పాస్కల్స్, అంటే సుమారు 38 మి.మీ. నీటి ఎత్తు, దాటకూడదంటారు. అంత లాగినా 50 మి.మీ. సీల్‌లో 19 పోయి 31 మిగులుతుంది, కనీసం 25 నిలవాలన్న నియమానికి సరిపోతుంది. మీ ఒక్క ఫ్లష్ ఆ హద్దులోనే ఉంది. ఫ్లష్, బకెట్ కలిస్తేనే హద్దు దాటుతోంది.

గుత్తిరోడ్డు
రఘు గారూ, గుడగుడ అంటే గది గాలి పైపులోకి పోవడం అన్నారు. మరి వాసన బయటికి ఎలా వస్తుంది? లోపలికి పీల్చుకునేది కంపు కక్కదు కదా?

పైపుల_మస్తాన్_కర్నూలు
మంచి ప్రశ్న, నేను చెబుతా. పీల్చేటప్పుడు కంపు రాదు, ఆ తర్వాత వస్తుంది. పైనుంచి దిగే నీళ్లు ముందున్న గాలిని తోస్తాయి, వెనక గాలిని లాగుతాయి. లాగుడుకు సీల్ 9కి పడిపోయింది. తర్వాతి నీళ్లు దిగేటప్పుడు ముందు తోపు వస్తుంది. 50 నిండుగా ఉంటే ఆ తోపుకు గది వైపు నీళ్లు కాస్త ఎగసి మళ్లీ సర్దుకునేవి. 9 ఉన్నప్పుడు ఆగదు, గాలి ఇటు చిమ్ముతుంది. అక్క స్నానం చేయగానే ట్రాపు నిండుతుంది, వాసన ఆగుతుంది. పైవాళ్లు మధ్యాహ్నం బట్టలు ఉతికితే మళ్లీ మొదలు. ఆవిడ మొదటి రోజు రాసిన వేళలన్నీ దీంతో కలుస్తాయి.

అక్కా, మిద్దె ఎక్కారా?

సుజాత_అనంతపురం
మావారు ఎక్కారు. వెనక పైపు పైన తెరిచే ఉంది, జాలీ టోపీ పెట్టారు. సందు వైపు పైపుకు మాత్రం బిరడా, సొల్యూషన్ పూసి బిగించి ఉంది! పైవాళ్లను అడిగితే, సెప్టిక్ ట్యాంకు పైపు నుంచి దోమలు వస్తున్నాయని తామే మేస్త్రీతో మూయించామన్నారు. పాపం, వాళ్ల ఉద్దేశం మంచిదే.

పైపుల_మస్తాన్_కర్నూలు
అనుకున్నాను. ఆ పైపు కొస వాసన బయటికి పోవడానికే అని అందరూ అనుకుంటారు. గాలి లోపలికి రావడానికి కూడా అదే దారి. ఆ నోరు మూస్తే నీళ్లు దిగిన ప్రతిసారీ కావలసిన గాలిని పైపు మీ ట్రాపుల నుంచి లాక్కుంటుంది.

బిరడా కింద పైపు కోసి, పైన వెంట్ కౌల్, అంటే వెనక పైపుకున్నట్టు జాలీ టోపీ, పెట్టించండి. దోమల సంగతి నిజమే కాబట్టి కౌల్ చుట్టూ నైలాన్ మెష్ కట్టండి. మరీ సన్నటి గుడ్డ వద్దు, మన ఊళ్ల దుమ్ముకు అట్టకట్టుకుపోతుంది, మళ్లీ బిరడా పెట్టినట్టే. వానలకు ముందొకసారి, వేసవిలో ఒకసారి మెష్ దులపండి. పైపు కొస మనిషి తలకు మించి ఎత్తుండాలి, పై వాటా కిటికీకి దగ్గరగా ఉండకూడదు.

గుత్తిరోడ్డు
లోపలికి గాలి పీల్చి, బయటికి వదలని వాల్వులు వస్తున్నాయిగా. పైపుకు అది బిగిస్తే దోమలూ రావు, వాసనా రాదు. మా తమ్ముడు దుబాయ్‌లో చూశాడట.

సివిల్_రఘు
ఎయిర్ అడ్మిటెన్స్ వాల్వు లాగుడును తీరుస్తుంది, తోపును తీర్చదు. బయటికి వదలదు కాబట్టి ముందు తోసుకొచ్చే గాలికి దారి ఉండదు. నిలువు పైపుకు కొసన అది ఒక్కటే ఉంటే, ముఖ్యంగా వెనక సెప్టిక్ ట్యాంకు ఉన్నప్పుడు, నాకు ధైర్యం చాలదు. ఎక్కడో దూరంగా ఉన్న ఒక్క బేసిన్‌కైతే బాగుంటుంది.

నూనెచుక్క
నా నూనె పనికొచ్చే బాత్రూము ఒకటుంది కదా, దాని సంగతి చెప్పండి.

సివిల్_రఘు
ఉంది. వెనకది ఆరిపోవడమేనని షీటు పరీక్ష తేల్చింది. వారానికి 7 మి.మీ. చొప్పున 35 మి.మీ. సీల్ అయిదు వారాలు ఆగుతుంది. నాలుక అంచు బయటపడిన రోజు నుంచే కంపు. బ్రిటన్‌లో వారానికి 2.5 మి.మీ. ఆవిరి పోతుందని లెక్క వేసుకుంటారు. ఆ లెక్కన ఇదే సీల్ మూడు నెలలకు పైగా ఆగేది. అనంతపురం మే నెల గాలి అంత పొడి మరి. ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరిగితే ఇంకా తొందరగా పోతుంది.

ఊరికి వెళ్లేముందు నిండా నీళ్లు పోసి, మీద నాలుగైదు చెంచాల లిక్విడ్ పారఫిన్ పోయండి. పల్చగా మొత్తం పరుచుకునేంత చాలు. ముందు నీళ్లు, తర్వాత నూనె. తిరగేస్తే నూనె అవతలికి కొట్టుకుపోతుంది. కమోడ్ ట్రాపు కూడా మరిచిపోవద్దు, మూత దించి వెళ్లండి.

సుజాత_అనంతపురం
కౌల్ పెట్టించాం, మెష్ కట్టించాం. నింపి మళ్లీ అదే పరీక్ష చేశాను. ఒక్క ఫ్లష్‌కు ఇప్పుడు 3 మి.మీ. తగ్గుతోంది. ఫ్లష్, బకెట్ కలిపితే 8. గుడగుడ లేదు, పొద్దున వాసన లేదు. కింది వాటావాళ్లు కూడా తమ జాలీలో బుడగలు ఆగాయన్నారు. వాళ్లకు అలా వస్తున్నట్టు నాకు ఇప్పటిదాకా చెప్పనేలేదు!

ఇప్పుడు వెనకదాని గురించి. 35 మి.మీ. ట్రాపు తీయించి లోతుది వేయించమంటారా? నేల పగలగొట్టాలి.

సివిల్_రఘు
నన్నడిగితే మార్చమంటాను. ఎప్పుడో ఒకప్పుడు ఆ వైపు కూడా పైన బాత్రూము కడతారు. అప్పుడు 35 మి.మీ. సీల్ నిలవదు.

పైపుల_మస్తాన్_కర్నూలు
నేను వద్దంటాను. బాగున్న వాటర్‌ప్రూఫింగ్‌ను పగలగొట్టి ట్రాపు మార్చితే, ఆరు నెలలకు కింది వాటా సీలింగులో చెమ్మ దిగుతుంది. అది వాసన కంటే పెద్ద రోగం. పైన కట్టినప్పుడు చూసుకోవచ్చు. అంతవరకు నూనె చాలు.

సివిల్_రఘు
చెమ్మ దిగడం పని చేసేవాడి మీద ఉంటుంది మస్తాన్ గారూ, ట్రాపు మీద కాదు.

పైపుల_మస్తాన్_కర్నూలు
పని చేసేవాళ్లను నేను రోజూ చూస్తున్నాను సార్. అందుకే అంటున్నాను.

గుత్తిరోడ్డు
ఇదే దారంలో ఇంకొక్కటి. మా వాష్‌బేసిన్‌కు బాటిల్ ట్రాప్ ఉంది, దాని పైపు ఫ్లోర్ ట్రాపులోకే పోతుంది. అంటే ఒకే నీటికి రెండు ట్రాపులు. ఒకదాని వెనక ఒకటి ఉండకూడదని, మధ్యలో గాలి ఇరుక్కుంటుందని విన్నాను. బాటిల్ ట్రాప్ తీసేయనా?

సివిల్_రఘు
మధ్య గాలికి దారి లేకపోతేనే ఇరుక్కుంటుంది. మీ బేసిన్ పైపు ఫ్లోర్ ట్రాపులో నీటి మట్టానికి పైన తెరుచుకుంటే గాలి జాలీ గుండా తిరుగుతుంది. అప్పుడు ఇబ్బంది లేదు. తీసేస్తే ఆ పైపు గోడలకు పట్టిన సబ్బు జిడ్డు వాసన నేరుగా బేసిన్‌లోకి వస్తుంది.

పైపుల_మస్తాన్_కర్నూలు
నేను ఇప్పటికే చాలా ఇళ్లలో బాటిల్ ట్రాపు తీసి నేరుగా పైపు వేశాను. పైపు పొట్టిగా ఉంటే ఏ వాసనా లేదు, నీళ్లు కూడా వేగంగా పోతాయి. పొడుగ్గా ఉంటే మాత్రం రఘు సార్ మాటే. మీ పైపు ఎంత పొడుగు?

గుత్తిరోడ్డు
గోడలో ఉంది, కనిపించదు. బేసిన్ నుంచి జాలీ వరకు నాలుగు అడుగులు ఉండొచ్చు.

ప్రొద్దుటూరు_వాణి
నాలుగు అడుగుల జిడ్డు! తీయొద్దన్నా.